బొమ్మ పడేదాకా సగటున ఎన్ని టాస్‌లు? శ్రేణితో లెక్కకట్టి, అవకలనంతో సరిచూసే పద్ధతి

ఒక నాణెం ఎగరేయండి. బొరుసు పడితే మళ్లీ ఎగరేయండి. బొమ్మ పడగానే ఆపేసి, ఆ చివరి టాస్‌తో కలిపి మొత్తం ఎన్ని టాస్‌లు అయ్యాయో రాసుకోండి. దీన్ని ఒక ఆట అందాం. ఒక ఆట ఒక్క టాస్‌తోనే అయిపోవచ్చు, ఇంకో ఆట ఏడెనిమిది టాస్‌ల దాకా సాగవచ్చు. ఇలాంటి ఆటలు చాలా ఆడితే ఒక్కో ఆటకు సగటున ఎన్ని టాస్‌లు పడతాయన్నది ప్రశ్న.

జవాబు రెండు. ఇది చాలామందికి తెలుసు. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఈ లెక్క చెబుతుంటాను. సంభావ్యత p అయితే సగటు 1/p అని సూత్రం ఒప్పజెప్పి, సగానికి రెండు అని వెంటనే అనేస్తారు. ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది, అంతులేని ఆ కూడికను మధ్యలో ఆపేస్తే ఎంత మిగిలిపోతుంది అని అడిగితే మాత్రం పెన్ను కదలదు. నా దృష్టిలో ఈ లెక్కలో అసలు విషయం ఆ మిగిలిపోయే ముక్కలోనే ఉంది. అందుకే ముందు రెండు దారుల్లో జవాబుకు చేరుదాం, ఆ తర్వాత ఆ మిగులు దగ్గర తీరిగ్గా ఆగుదాం.

కావాల్సినవి కాగితం, పెన్ను, ఒక రూపాయి బిళ్ల. మూడు సింహాలున్న వైపు బొమ్మ, విలువ రాసి ఉన్న వైపు బొరుసు. ఇంటర్‌లో చదివిన గుణశ్రేఢి మొత్తం, భిన్నాన్ని అవకలనం చేసే పద్ధతి గుర్తుంటే చాలు.

మొదట: ఏ ఆటకు ఎంత సంభావ్యత

ఆట సరిగ్గా ఒకటో టాస్‌కే ముగియాలంటే బొమ్మ పడాలి. సంభావ్యత 1/2. రెండో టాస్‌కు ముగియాలంటే ముందు బొరుసు, తర్వాత బొమ్మ పడాలి. అంటే 1/2 × 1/2 = 1/4. మూడో టాస్‌కు ముగియాలంటే బొరుసు, బొరుసు, బొమ్మ. అది 1/8. ఇలా n-వ టాస్‌కు ముగిసే సంభావ్యత (1/2)ⁿ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ (1/2)ⁿ లోపలికి చూడండి. అందులో n సగాలున్నాయి. వాటిలో మొదటి n−1 సగాలు బొరుసులవి, చివరి ఒక్క సగం బొమ్మది. మంచి నాణేనికి రెండు సంభావ్యతలూ సమానం కాబట్టి అవి కలిసిపోయి ఒకే ఘాతంలా కనిపిస్తున్నాయి. ఏ సగం ఎవరిదో మర్చిపోతే అవకలనం దగ్గర తప్పు జరుగుతుంది. అందుకే నోట్‌బుక్‌లో ఇలా విడదీసి రాసుకోండి:

(బొరుసు)ⁿ⁻¹ × (బొమ్మ) = (1/2)ⁿ⁻¹ × (1/2)

తర్వాత సంభావ్యతలన్నీ కలిపితే ఒకటి వస్తుందో లేదో చూడండి. 1/2 + 1/4 + 1/8 + … అనే అనంత గుణశ్రేఢికి మొదటి పదం 1/2, సామాన్య నిష్పత్తి 1/2, మొత్తం (1/2) ÷ (1 − 1/2) = 1. అంటే ఎప్పటికీ బొమ్మ పడకుండా సాగిపోయే ఆటకు మిగిలిన సంభావ్యత సున్న. ఈ తనిఖీ చేయకుండా సగటు జోలికి వెళ్లకండి. మొత్తం ఒకటి కాకపోతే మీరు ఏదో ఒక సందర్భాన్ని వదిలేశారని, లేదా రెండుసార్లు కలిపారని అర్థం.

తర్వాత: సగటును శ్రేణిగా రాయడం

ప్రతి పొడవును దాని సంభావ్యతతో గుణించి కలిపితే సగటు వస్తుంది. దాన్ని S అందాం.

S = 1·(1/2) + 2·(1/4) + 3·(1/8) + 4·(1/16) + 5·(1/32) + …

ఈ వరుస బోర్డు మీద రాయగానే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, సగం ఆటలు ఒక్క టాస్‌కే అయిపోతాయి కదా, మరి సగటు రెండెట్లా అవుతుంది?" సందేహం న్యాయమైనదే. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే పొడవు ఒకటే. కానీ సగటును లాగేవి అప్పుడప్పుడు వచ్చే పొడవాటి ఆటలు. శ్రేణిలోనే చూడండి: ఒక్క టాస్ ఆటల వాటా 1/2, రెండు టాస్‌ల ఆటల వాటా 2/4, అంటే అదీ 1/2. మూడు టాస్‌లవి 3/8. ఆటలు తగ్గుతున్నా పొడవు పెరుగుతోంది కాబట్టి వాటా అంత తొందరగా పడిపోవడం లేదు.

ఇప్పుడు ఒక్కో పదం కలుపుతూ పోండి. కాలిక్యులేటర్ పక్కన పెట్టి భిన్నాలతోనే చేయండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఒక పదం దాకా: 1/2
రెండు పదాల దాకా: 1
మూడు పదాల దాకా: 11/8
నాలుగు పదాల దాకా: 13/8
ఐదు పదాల దాకా: 57/32

దశాంశాల్లో చివరిది 1.78125. పది పదాలు కలిపితే సుమారు 1.988 వస్తుంది. రెండు వైపు వెళుతోందని కనిపిస్తోంది, కానీ కనిపించడం వేరు, రుజువు వేరు. ఐదు పదాల దగ్గరే ఆపేసి సుమారు 1.8 అని రాసేవాళ్లూ ఉన్నారు. మొదట్లో పదాలు మెల్లగా తగ్గుతాయి కాబట్టి అక్కడ ఆపితే పదో వంతుకు పైగా పోతుంది.

ఇంకో చిన్న పని చేయండి. రెండుకు ఎంత తక్కువ పడుతోందో పక్కనే రాయండి: 3/2, 4/4, 5/8, 6/16, 7/32. లవాలు చూడండి: 3, 4, 5, 6, 7. హారాలు 2 తాలూకు ఘాతాలు. N పదాలు కలిపితే లోటు (N+2)/2ᴺ అయ్యేలా ఉంది. దశాంశాలుగా మార్చి ఉంటే ఈ వరుస కంటికి కనిపించేది కాదు. ప్రస్తుతానికి ఇది ఊహే. పక్కన పెట్టుకోండి.

మొదటి దారి: జరిపి తీసేయడం

S మొత్తాన్ని సగం చేసి, ఒక గడి కుడికి జరిపి, కింద రాయండి.

S   = 1/2 + 2/4 + 3/8 + 4/16 + …
S/2 =       1/4 + 2/8 + 3/16 + …

ఒకే హారం ఉన్న పదాలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పై వరుస నుంచి కింది వరుసను తీసేస్తే ప్రతిచోటా లవంలో ఒకటే మిగులుతుంది:

S − S/2 = 1/2 + 1/4 + 1/8 + 1/16 + …

కుడివైపు ఉన్నది ఇందాక మనం కలిపిన సంభావ్యతలే, వాటి మొత్తం 1. ఎడమవైపు S/2. కాబట్టి S = 2.

ఈ శ్రేణికి నాణెంతో సంబంధం లేకుండానే పాత చరిత్ర ఉంది. 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెం ఇదే మొత్తాన్ని వైశాల్యాలను ముక్కలుగా కోసి, మళ్లీ పేర్చి, రెండని చూపించాడు. పాస్కల్, ఫెర్మా 1654లో ఉత్తరాలు రాసుకుంటూ జూదపు లెక్కల మీద సంభావ్యతకు పునాది వేయడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందు మాట ఇది.

జరిపి తీసేసే పద్ధతిలో ఒక లొసుగు ఉంది, అది దాచిపెట్టకూడదు. S అనేది ఒక మామూలు సంఖ్య అని మనం ముందే ఒప్పేసుకున్నాం. అలా ఒప్పుకోవడం ఎంత ప్రమాదమో చూడాలంటే 1 + 2 + 4 + 8 + … తీసుకోండి. దాన్ని T అంటే, మొదటి పదం తీసేశాక మిగిలింది 2T. కాబట్టి T = 1 + 2T, అంటే T = −1. అన్నీ ధన సంఖ్యలే కలిపితే రుణ సంఖ్య వచ్చింది! లెక్క వరసలో ఎక్కడా తప్పు లేదు. T అనే సంఖ్యే లేకపోవడం తప్పు. ఇలాంటి పద్ధతి జవాబు ఉంటే అది ఎంతో చెబుతుంది గానీ, జవాబు ఉందో లేదో చెప్పదు. చాలామంది వాడే E = 1 + E/2 అనే చిన్న సమీకరణానికీ ఇదే పరిమితి. ఒక టాస్ ఎలాగూ వేస్తాం, సగం సంభావ్యతతో మళ్లీ మొదటికొస్తాం అన్న ఆలోచన అందంగా ఉంటుంది, రెండే ఇస్తుంది. కానీ E అనంతం కాదని వేరే చోట చూపించాలి.

ఆ వేరే చోటే అవకలనం.

రెండో దారి: గుణశ్రేఢిని అవకలనం చేయడం

మన శ్రేణిలో ఇబ్బంది పెట్టేది ముందున్న n. దాన్ని మనం చేత్తో పెట్టాల్సిన పనిలేదు, xⁿ ను అవకలనం చేస్తే n దానంతట అదే కిందికి దిగుతుంది. కాబట్టి n లేని శ్రేణితో మొదలుపెట్టి అవకలనం చేద్దాం. x అనేది బొరుసు సంభావ్యత అనుకోండి. దాన్ని ఇప్పుడే 1/2 చేయకండి, అక్షరంగానే ఉంచండి. x విలువ 0కు, 1కి మధ్య ఉన్నప్పుడు

1 + x + x² + x³ + … = 1/(1 − x)

రెండువైపులా x తో అవకలనం చేస్తే

1 + 2x + 3x² + 4x³ + … = 1/(1 − x)²

ఎడమవైపు సాధారణ పదం n·xⁿ⁻¹. అంటే n−1 బొరుసులు మాత్రమే ఉన్నాయి, చివరి బొమ్మ ఇంకా రాలేదు. దాని సంభావ్యత 1/2 తో మొత్తాన్ని గుణించి, x = 1/2 పెట్టండి:

(1/2) × 1/(1 − 1/2)² = (1/2) × 4 = 2

ఇక్కడ రెండు తప్పులు తరచుగా చూస్తాను. మొదటిది, చివరి గుణకారం మర్చిపోయి జవాబు 4 అని రాయడం. ఇందాక ఏ సగం ఎవరిదో విడదీసి రాయమన్నది దీనికే. 4 వస్తే ఎలా పట్టుకోవాలి? ఎడమవైపు మొదటి పదం చూడండి. అది 1. కానీ మన S లో మొదటి పదం 1/2. మొదటి పదమే కలవకపోతే అది మన శ్రేణి కాదు. రెండో తప్పు, ముందే x = 1/2 పెట్టేసి ఆ తర్వాత అవకలనం చేయడం. అప్పుడు 1/(1 − x) కాస్తా 2 అనే స్థిర సంఖ్య అయిపోతుంది, దాని అవకలజం సున్న. సున్న టాస్‌లకు బొమ్మ పడదు కాబట్టి ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది.

అంతులేని శ్రేణిని పదం పదంగా అవకలనం చేయొచ్చా?

పరిమితమైన మొత్తానికి పదం పదంగా అవకలనం చేయడం సరైనదే, అందులో సందేహం లేదు. అనంత శ్రేణికి అది దానంతట అదే చెల్లదు. ఘాత శ్రేణులకు వాటి అభిసరణ పరిధి లోపల చెల్లుతుందని ఒక సిద్ధాంతం ఉంది, మన 1/2 ఆ పరిధి లోపలే ఉంది. సిద్ధాంతం పేరు చెప్పి ముందుకెళ్లొచ్చు. కానీ ఈ లెక్కకు అంత పెద్ద సిద్ధాంతం అవసరం లేదు. N పదాల దగ్గర కత్తిరించి, పరిమిత మొత్తాన్నే అవకలనం చేసి, చివర్లో N ను పెంచితే సరిపోతుంది. పైగా ఇలా చేస్తేనే ఇందాక పక్కన పెట్టుకున్న ఊహ రుజువవుతుంది.

1 + x + x² + … + xᴺ = (1 − xᴺ⁺¹)/(1 − x)

కుడివైపు భిన్నాన్ని అవకలనం చేయండి. లవం అవకలజం −(N+1)xᴺ, హారం అవకలజం −1. సూత్రంలో పెట్టి సర్దితే

1 + 2x + 3x² + … + N·xᴺ⁻¹ = [1 − (N+1)xᴺ + N·xᴺ⁺¹] / (1 − x)²

సర్దేటప్పుడు గుర్తులు తారుమారయ్యే చోటు ఇదే. ముందుకు వెళ్లేలోపు N = 2 పెట్టి చూసుకోండి. ఎడమవైపు 1 + 2x. కుడివైపు లవం 1 − 3x² + 2x³. (1 + 2x)ను (1 − x)² తో గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది. రానట్లయితే ఎక్కడో ఒక మైనస్ పోయింది.

ఇప్పుడు x = 1/2 పెట్టి, బొమ్మ తాలూకు 1/2 తో గుణించండి. (1 − x)² = 1/4 కాబట్టి దాంతో భాగిస్తే 4 రెట్లవుతుంది, సగం చేస్తే 2 రెట్లు:

2 × [1 − (N+1)/2ᴺ + N/2ᴺ⁺¹]

బ్రాకెట్ విప్పితే 2 − (2N + 2)/2ᴺ + N/2ᴺ, అంటే

S_N = 2 − (N+2)/2ᴺ

భిన్నాల్లో కనిపించిన లోటు ఇదే. 3/2, 4/4, 5/8 అన్నీ ఇందులో ఉన్నాయి. ఇప్పుడు మిగిలిన పని, N పెరిగేకొద్దీ ఈ లోటు సున్నకు పోతుందని చూపించడం. ఒక లోటును దాని ముందున్న లోటుతో భాగిస్తే (N+3)/(2(N+2)) వస్తుంది. N = 1 దగ్గర అది 4/6, అంటే 2/3. ఆ తర్వాత ఇంకా తగ్గుతూ సగానికి దగ్గరవుతుంది. ప్రతి అడుగులో లోటు కనీసం మూడో వంతు తగ్గుతోందంటే అది సున్నకు చేరక తప్పదు. కాబట్టి S ఉంది, అది 2. జరిపి తీసేసే పద్ధతిలో ముందే ఒప్పేసుకున్నది ఇక్కడ రుజువైంది.

ఆ లోటు ఏం చెబుతోంది

(N+2)/2ᴺ ను రెండు ముక్కలుగా చదవండి: 1/2ᴺ ఒకటి, N+2 ఒకటి. మొదటి N టాస్‌లలో అన్నీ బొరుసులే పడే సంభావ్యత 1/2ᴺ. అలా పడిన ఆటకు N టాస్‌లు అప్పటికే ఖర్చయ్యాయి. అక్కడి నుంచి బొమ్మ పడేదాకా సగటున ఇంకో రెండు. మొత్తం N + 2. అంటే మనం కలపకుండా వదిలేసిన పదాలన్నీ ఇంకా ముగియని ఆటలవే, వాటి సగటు పొడవు N+2.

పదహారు ఆటలు సరిగ్గా సంభావ్యతల ప్రకారమే పంచుకున్నాయనుకుని చూడండి. ఎనిమిది ఆటలు ఒక టాస్‌కు, నాలుగు రెండింటికి, రెండు మూడింటికి, ఒకటి నాలుగింటికి ముగుస్తాయి. టాస్‌లు 8 + 8 + 6 + 4 = 26. ఇంకో ఆట మిగిలింది, అందులో నాలుగూ బొరుసులే. దానికి 4 + 2 = 6 టాస్‌లు పెడితే మొత్తం 32. పదహారుతో భాగిస్తే 2. ఆ ఒక్క ఆటను వదిలేసి 26ను 16తో భాగిస్తే 1.625, అంటే నాలుగు పదాల మొత్తం 13/8.

బీజగణితం తనకు తెలియకుండానే చెప్పిన మాట ఇందులో ఉంది: నాలుగు బొరుసులు పడ్డాక కూడా ఇంకా కావాల్సింది సగటున రెండే, ఒకటిన్నర కాదు. నాణెం వెనక జరిగింది గుర్తుపెట్టుకోదు. ఇన్నిసార్లు బొరుసు పడింది కాబట్టి ఈసారి బొమ్మ పడి తీరాలన్న నమ్మకం నిజమైతే, లోటులోని లవం N+2 కంటే చిన్నదై ఉండాలి, అప్పుడు మొత్తం రెండు రాదు.

సమానం కాని నాణేనికి, అంటే మన బోర్లకు

బొమ్మ సంభావ్యత p, బొరుసు సంభావ్యత q = 1 − p అయితే n-వ టాస్‌కు ముగిసే సంభావ్యత qⁿ⁻¹·p. అవకలనం చేసిన శ్రేణిలో x బదులు q పెట్టి, బయట p తో గుణిస్తే

p × 1/(1 − q)² = p/p² = 1/p

ఒక జాగ్రత్త: p ని సంఖ్యలా బయటే ఉంచండి. ముందే p బదులు 1 − q అని రాసి మొత్తాన్ని అవకలనం చేస్తే, సంభావ్యతల మొత్తం అయిన 1 ని అవకలనం చేసినట్టవుతుంది, సున్న వస్తుంది.

మా జిల్లాలో ఈ లెక్కను ఎవరూ నాణెంతో అడగరు, బోరుతో అడుగుతారు. ఒక బోరులో నీళ్లు పడే అవకాశం పావు వంతు అనుకుందాం. నీళ్లు పడేదాకా సగటున 1 ÷ (1/4) = 4 బోర్లు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ సగటు నాలుగు అంటే నాలుగు వేస్తే నీళ్లు గ్యారంటీ అని కాదు. నాలుగూ ఎండిపోయే సంభావ్యత (3/4)⁴ = 81/256, దాదాపు 0.32. పది మంది రైతుల్లో సుమారు ముగ్గురి పరిస్థితి అది. ఇందాకటి లోటు ఇక్కడ qᴺ(N + 1/p) అవుతుంది: నాలుగు ఎండిన తర్వాత ఇంకా సగటున నాలుగు వేయాలి, మొత్తం ఎనిమిది.

ఈ లెక్క బోర్లకు పూర్తిగా సరిపోదు కూడా, ఎందుకంటే గుణకారం చేసిన ప్రతిచోటా ఒక టాస్‌కు ఇంకో టాస్‌తో సంబంధం లేదని అనుకున్నాం. అనంతపురం నేల చాలావరకు గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. ఒక చేలో మొదటి బోరు ఎండితే, పక్కనే వేసే రెండో బోరు అవకాశం కూడా తగ్గవచ్చు. అప్పుడు qⁿ⁻¹ అని రాయడమే తప్పు, నిజమైన సగటు 1/p కంటే ఎక్కువ ఉండవచ్చు. పైగా రైతు అప్పు ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది, శ్రేణి ఆగదు. నాణెం మీద 1/p నమ్మినంతగా బోరు మీద నమ్మకండి.

చేత్తో ఆడి సరిచూసుకోవడం

కాగితం మీద వచ్చిన రెండును రూపాయి బిళ్లతో పరీక్షించాలంటే ఒక నియమం పెట్టుకోండి: ఎన్ని ఆటలో ముందే నిర్ణయించాలి, ఎన్ని టాస్‌లో కాదు. రెండు వందల టాస్‌లు అని మొదలుపెట్టి, చివర్లో ముగియని ఆటను కొట్టేస్తే, మీరు కొట్టేసేది ఎక్కువగా పొడవాటి ఆటనే. సగటు కాస్త తగ్గి వస్తుంది.

వంద ఆటలు ఆడారనుకోండి. ఒక్కో ఆటలో ఒక్కటే బొమ్మ కాబట్టి బొమ్మలు సరిగ్గా వంద. టాస్‌లు సుమారు రెండు వందలు రావాలి. ఎంత అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదో చెప్పడానికి మళ్లీ అవకలనమే పనికొస్తుంది. 1/(1 − x)² ను ఇంకోసారి అవకలనం చేస్తే

2 + 6x + 12x² + … = 2/(1 − x)³

ఇందులో సాధారణ పదం n(n−1)xⁿ⁻². మనకు కావాల్సింది n(n−1)(1/2)ⁿ కాబట్టి (1/2)² తో గుణించాలి: (1/4) × 2 × 8 = 4. ఇది n(n−1) సగటు. దానికి n సగటు 2 కలిపితే n² సగటు 6. సగటు వర్గం 4 తీసేస్తే విస్తృతి 2. ఒక ఆటకు ప్రామాణిక విచలనం √2, సుమారు 1.41. వంద ఆటల మొత్తానికి √200, సుమారు 14.

కాబట్టి మీ మొత్తం 172కు, 228కి మధ్య ఉంటే అది మామూలే, వందలో 95 సార్లు దాదాపు ఆ మధ్యలోనే పడుతుంది. 183 వచ్చిందని సూత్రాన్ని అనుమానించకండి. 260 వస్తే మాత్రం బిళ్లనో, రాసుకున్న లెక్కనో మళ్లీ చూసుకోవాలి. మొత్తం వంద దగ్గర తేలితే బిళ్లలో లోపం వెతకక్కర్లేదు. బొమ్మ పడిన టాస్‌ను వదిలేసి బొరుసులను మాత్రమే లెక్కపెట్టి ఉంటారు. ఒక్కో ఆటకు ఒకటి చొప్పున కలిపి మళ్లీ భాగించండి.